ఒక్క కామాకి 42 సర్వర్లు రీబూట్ అయ్యాయి, తప్పు నాదేనా?

నైట్‌షిఫ్ట్_నాని

మొన్న రాత్రి జరిగింది చెప్తా, తప్పెవరిదో మీరే తేల్చండి. మా దగ్గర 42 సర్వర్లున్నాయి, ప్యాచ్ చెక్‌లో 6 ఫెయిలయ్యాయి. ఆ ఆరింటినే రాత్రి 11కి రీబూట్ చెయ్యాలి, మిగతావాటి జోలికి పోకూడదు, ఎందుకంటే వాటిల్లో ఒకదాని మీద నెలాఖరు బిల్లింగ్ బ్యాచ్ నడుస్తోంది. మెయిల్ రాసేటప్పుడు సర్వర్స్ తర్వాత విచ్ అని కామా లేకుండానే రాశా. ఎడిటర్ దాని కింద నీలి గీత గీసింది. రైట్ క్లిక్ కొడితే రెండు సలహాలు, ఒకటి విచ్ ముందు కామా పెట్టమని, ఇంకోటి విచ్ తీసేసి దట్ పెట్టమని. పైన ఉన్నదే కదా అని మొదటిది నొక్కేశా. ఒక పక్కే కామా ఉంటే బోసిగా అనిపించి రెండో పక్క నేనే ఇంకోటి పెట్టా. చివరికి వెళ్ళింది ఇదీ:

```
The servers, which failed the patch check, will be rebooted at 11 PM.
```

వేరే ఊళ్ళో ఉండే ఆపరేషన్స్ టీమ్ మొత్తం 42కీ రీబూట్ కొట్టేసింది. 11:07కి బిల్లింగ్ బ్యాచ్ చచ్చింది. మళ్ళీ మొదట్నుంచి నడపడానికి ఐదు గంటలు పట్టింది. పొద్దున కాల్‌లో వాళ్ళ లీడ్ "సర్వర్లన్నీ ఫెయిలయ్యాయి, అన్నీ రీబూట్ చెయ్యండి అని నువ్వే రాశావు" అంటాడు. నేనెక్కడ రాశానండీ అలా? ఫెయిలైన సర్వర్లని రీబూట్ చెయ్యమన్నా, అంతే కదా?

గోదారి_గట్టు

ఆయ్, పెట్టింది రెండు కామాలు, పోయింది 36 సర్వర్లు. కామాకి 18 పడ్డాయండి.

ఎస్‌క్యూఎల్_శీను

కామాతో ప్రాబ్లమ్ మాకూ చాలాసార్లు వచ్చింది బ్రో. అడ్రస్ కాలమ్‌లో కామా ఉంటే ఫైల్ లోడ్ అయ్యేటప్పుడు కాలమ్‌లు అన్నీ జరిగిపోతాయి. డిలిమిటర్ పైప్‌కి మార్చెయ్, సెట్ అయిపోద్ది.

నైట్‌షిఫ్ట్_నాని

శీనూ బ్రో ఇది ఫైల్ కాదు, ఇంగ్లిష్ 😭

సుబ్బరాజు_మాస్టారు

నేను 31 ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పాను. రూల్ చాలా సింపుల్ బాబూ. విచ్ వస్తే కామా పెట్టాలి, దట్ వస్తే పెట్టకూడదు. మనుషులకి హూ, వస్తువులకి విచ్. ఇక కామా అవసరమా కాదా అని అనుమానమొస్తే ఆ ముక్కని వేలితో మూసి చదువు. మిగిలిన వాక్యానికి అర్థం ఉంటే కామాలు పెట్టు, లేకపోతే వద్దు. మా పిల్లలకి ఇదే చెప్పేవాణ్ణి, ఒక్కడూ తప్పలేదు.

నైట్‌షిఫ్ట్_నాని

మాస్టారూ, అలా చూస్తే నేను రాసింది కరెక్టే కదా. మధ్య ముక్క మూసేస్తే సర్వర్లు 11కి రీబూట్ అవుతాయి అని మిగుల్తుంది, అర్థం శుభ్రంగా ఉంది. మరి నాకెందుకు పడ్డాయి తిట్లు?

కాపీడెస్క్_కమల

అక్కడే ఉంది చిక్కు, మాస్టారు చెప్పిన వేలు టెస్టు సగమే పని చేస్తుంది. నేను పుస్తకాలు, జర్నల్స్ ఎడిట్ చేసే పనిలో ఉన్నాను, రోజుకి ఇలాంటివి పదైనా తగుల్తాయి. ముక్క తీసేస్తే మిగిలినదానికి అర్థం ఉందా అని అడిగితే దాదాపు ప్రతిసారీ ఉంటుంది. అడగాల్సింది అది కాదు. తీసేశాక కూడా నువ్వు చెప్పదలుచుకున్నది అలాగే నిలబడిందా? నీ వాక్యంలో తీసేస్తే "సర్వర్లు రీబూట్ అవుతాయి" అని మిగిలింది, అంటే 42. నువ్వు చెప్పదలుచుకున్నది 6. లెక్క మారిపోయిందంటే ఆ ముక్క సర్వర్ల గురించి అదనపు కబురు కాదు, ఏ సర్వర్లో ఏరి చూపించే ముక్క. ఏరే ముక్కకి కామా ఉండదు.

కామాలు పెట్టావంటే చదివేవాడికి రెండు సంగతులు చెప్పినట్టు. ఒకటి, సర్వర్లు రీబూట్ అవుతాయి. రెండు, అన్నట్టు ఆ సర్వర్లే ఫెయిలయ్యాయి. వాళ్ళ లీడ్ అచ్చంగా అదే చదివాడు, "అన్నీ ఫెయిలయ్యాయి, అన్నీ రీబూట్". ఆయన ఇంగ్లిష్‌లో తప్పేమీ లేదు నానీ గారూ, సారీ.

నీలి గీత ఇచ్చిన రెండో సలహా నొక్కి ఉంటే ఇది వెళ్ళేది, బిల్లింగ్ బతికేది:

```
The servers that failed the patch check will be rebooted at 11 PM.
```

నైట్‌షిఫ్ట్_నాని

అంటే ఆ ఎడిటర్ ఇచ్చిన రెండు సలహాలకీ రెండు వేర్వేరు అర్థాలా?? అది చెప్పదేంటి ఎక్కడా

కాపీడెస్క్_కమల

దానికేం తెలుసు ఎన్ని ఫెయిలయ్యాయో. విచ్ ముందు కామా లేదని మాత్రం పట్టుకుంటుంది, నీ మనసులో 6 ఉందో 42 ఉందో దానికి కనపడదు. అందుకే రెండూ చూపించి ఎంచుకోమంటుంది. జనం పైది నొక్కేస్తారు. అసలు నువ్వు మొదట రాసింది, కామా లేని విచ్, దాన్ని అలాగే వదిలేసినా సరిపోయేది.

సుబ్బరాజు_మాస్టారు

కమల గారూ, కామా లేని విచ్ ఎలా సరిపోతుందండీ? అది తప్పు. విచ్ అంటే కామా ఉండి తీరాలి.

బ్యాంక్‌కోచింగ్_భవ్య

మా కోచింగ్ సార్ కూడా మాస్టారు చెప్పిందే చెప్పారు. ఎర్రర్ స్పాటింగ్‌లో విచ్ ముందు కామా లేకపోతే కళ్ళు మూసుకుని ఎర్రర్ పెట్టెయ్యమన్నారు.

కాపీడెస్క్_కమల

భవ్యా, కళ్ళు మాత్రం తెరిచే పెట్టమ్మా.

మాస్టారూ, మీ రూల్లో దట్ సగం దాదాపు పూర్తిగా నిజం, కామా తర్వాత దట్‌తో ఇలాంటి ముక్క మొదలవడం ఇవాళ్టి ఇంగ్లిష్‌లో కనపడదు. విచ్ సగమే తేడా. అది అమెరికా ఎడిటర్లు పట్టుబట్టే అలవాటు, భాష మొత్తానికి రూల్ కాదు. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో, ఏరే ముక్కకి దట్, అదనపు కబురుకి విచ్ అని పంచుకుంటే బాగుంటుంది కదా అని సూచించాడు. చాలామంది అలా రాయట్లేదు, మంచి రచయితలూ రాయట్లేదు అని ఆయనే ఒప్పుకున్నాడు కూడా. బ్రిటిష్ పుస్తకాలు, మన పత్రికలు ఇప్పటికీ కామా లేని విచ్ హాయిగా వాడతాయి. అమెరికాలోనూ పెద్దవాళ్ళే వాడారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడు, 1941 డిసెంబర్ 8న, రూజ్‌వెల్ట్ కాంగ్రెస్‌లో అన్న మాట చూడండి:

```
a date which will live in infamy
```

విచ్ ఉంది, కామా లేదు. అది తప్పయితే ఆ తప్పు చేసింది అమెరికా ప్రెసిడెంట్.

ఇంకోటి. ఇన్ విచ్, ఆన్ విచ్ అని వచ్చే చోట దట్ పెట్టి చూడండి, కూర్చోదు:

```
The room in which we met is locked.
```

మనం కలిసిన గది తాళం వేసుంది. ఏ గదో ఏరి చెప్పే ముక్కే, కామా ఉండకూడదు, విచ్ మాత్రం ఉండి తీరాలి. మీ రూలు ఇక్కడ ఏం చేస్తుంది మరి?

సుబ్బరాజు_మాస్టారు

ఇన్ విచ్ సంగతి ఒప్పుకుంటాను. దానికి మినహాయింపు అని చెప్పేవాళ్ళం. కానీ పరీక్ష రాసే పిల్లాడికి 1926 నాటి కథలు చెప్తే కంగారు పడతాడు. వాడికి ఒక గీత గీసి ఇవ్వాలి. ఆ గీత నేను గీశాను.

గోదారి_గట్టు

మాస్టారు గీసింది గీత, ఎడిటర్ గీసింది నీలి గీత, మధ్యలో నాని గీత ఇలా తగలడిందండి 🙏

డల్లాస్_డాడీ

నాకూ ఒకటి జరిగింది, సర్వర్లు కాదు గానీ. మా నాన్నగారు విజిటర్ వీసాకి వెళ్ళేటప్పుడు కవరింగ్ లెటర్ ఆయనే రాసుకున్నారు, నేను చూడలేదు. అందులో ఇలా ఉంది:

```
I am visiting my son who lives in Dallas.
```

ఇంటర్వ్యూలో ఆఫీసర్ చదివి మొదటి ప్రశ్న, మీ మిగతా కొడుకులు ఎక్కడుంటారు అని. నాన్నకి అర్థం కాలేదు, నాకు ఒక్కడే కొడుకండీ అన్నారు, ఆఫీసర్ ఫారం తిరగేసి చూసుకున్నాడట, నాన్నకి చెమటలు పట్టాయి. చివరికి వీసా ఇచ్చారు అనుకోండి. కామా పెట్టి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదా?

కాపీడెస్క్_కమల

ఆఫీసర్ ఎందుకడిగాడో ఆయనకే తెలియాలి, వాళ్ళు మామూలుగా కూడా ఆ ప్రశ్న అడుగుతారు. కానీ వాక్యం మటుకు "డల్లాస్‌లో ఉండే కొడుకు దగ్గరికి" అని ఏరి చూపిస్తోంది, ఇంకో చోట ఇంకో కొడుకు ఉన్నాడేమో అనిపిస్తుంది. ఒక్కడే అయితే సన్ తర్వాత కామా పెట్టాలి.

ఇందులో ఇంకో తిరకాసు చూడండి. సర్వర్ల దగ్గర దట్, విచ్ అని రెండు మాటలైనా ఉన్నాయి, ఒకటి తప్పినా ఇంకోటి గుర్తుపట్టిస్తుంది. మనుషుల దగ్గర ఏరే ముక్కకీ ఎక్కువగా హూనే, అదనపు కబురుకీ హూనే. తేడా చెప్పేది కామా ఒక్కటే. అందుకే హూ దగ్గర జరిగే గోల ఎక్కువ.

గోదారి_గట్టు

అయితే మా ఆవిడ గురించి రాసేటప్పుడు కామా మర్చిపోకూడదండి బాబూ. మై వైఫ్ హూ లివ్స్ ఇన్ రాజమండ్రి అని కామా లేకుండా రాస్తే కాకినాడలో ఎవరున్నారని అడుగుద్ది.

ఓరుగల్లు_లాయర్

నవ్వులాట కాదు, మా దగ్గరకి నిజంగనే వచ్చింది ఒకటి. ఒక కంపెనీల లోన్ స్కీమ్ సర్క్యులర్ ఇట్ల ఉండె:

```
Employees, who have completed two years, may apply for the loan.
```

ఎనిమిది నెలల కింద చేరిన ఒకాయన అప్లై చేసిండు, రిజెక్ట్ చేసిన్రు. ఆయన వాదన ఏందంటే, కామాలు ఉన్నయి కాబట్టి ఎంప్లాయీస్ అందరు అప్లై చేస్కోవచ్చు, రెండేళ్ళ ముచ్చట ఊకనే చెప్పిన్రు అని. హెచ్‌ఆర్ వాళ్ళేమో కామా స్టైల్ కోసం పెట్టినం అంటరు.

నైట్‌షిఫ్ట్_నాని

ఎవరు గెలిచారు అన్నా?

ఓరుగల్లు_లాయర్

గెలుసుడు ఏం లేదు, రాజీ అయిన్రు. నన్నడిగితే ఇంగ్లిష్ ప్రకారం ఆ పిలగాడిది కరెక్టే, కానీ కోర్టుల కామా ఒక్కదాన్ని పట్టుకొని నిలబడుడు కష్టం. సర్క్యులర్ మొత్తం సదివి ఉద్దేశం ఏందో చూస్తరు, రెండేళ్ళు అని రాసినప్పుడు దానికి ఏదో ఒక పని ఉండాలె కదా అంటరు. అందుకే మేం డ్రాఫ్ట్ చేసేటప్పుడు అర్థం మొత్తం కామా మీద ఆనిచ్చి పెట్టం. ఎంప్లాయీ అని వదిలెయ్యక "ఎవ్రీ ఎంప్లాయీ హూ" అని మొదలుపెడితే సగం గొడవ పోతది. రాజ్యాంగంల పౌరసత్వం గురించి 5వ ఆర్టికల్ సూడున్రి:

```
every person who has his domicile in the territory of India
```

ఎవ్రీ పర్సన్ హూ. కామా లేదు, ఉండేటందుకు జాగ కూడ లేదు.

కాపీడెస్క్_కమల

లాయర్ గారు మంచి పాయింట్ పట్టుకున్నారు. ఎవ్రీ, ఎనీ, నో అన్నవి ముందుంటే తర్వాత వచ్చేది ఏరే ముక్కే అవ్వాలి. "ఎవ్రీ ఎంప్లాయీ, హూ..." అని కామా పెడితే ఇంగ్లిష్ వాళ్ళ చెవికి రాయి తగిలినట్టుంటుంది. పేరు పెట్టి పిలిచే మనిషి, ఊరు లాంటివాటి దగ్గర దీనికి ఉల్టా. హైదరాబాద్ అన్నాక ఏ హైదరాబాద్ అని ఏరాల్సిన పని లేదు కాబట్టి కామాలు పెట్టాలి.

డల్లాస్_డాడీ

సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉందండీ 😀

కాపీడెస్క్_కమల

ఉంది 😀 రెండిటి గురించీ ఒకే చోట రాస్తుంటే కామా తీసెయ్యాలి. మీరు జోక్‌గా అన్నా పాయింట్ అదే. కామా పెట్టాలా వద్దా అన్నది మాటని బట్టి ఉండదు, చదివేవాడి బుర్రలో అలాంటివి ఎన్ని మెదుల్తున్నాయో దాన్ని బట్టి ఉంటుంది.

బ్యాంక్‌కోచింగ్_భవ్య

అక్కా నాకు ఒక డౌట్. ఇంత చెప్పాక కూడా నాకు నాని గారి వాక్యం చదివితే ఆరు సర్వర్లే అనిపిస్తోంది. కామా ఉన్నా లేకపోయినా బుర్రలో ఫెయిలైన సర్వర్లు అనే తిరుగుతోంది. నాకే ఇలా ఉందా?

నైట్‌షిఫ్ట్_నాని

నాక్కూడా!! అదే నా బాధ. నాకది ఎలా చదివినా తేడా తెలీట్లేదు

కాపీడెస్క్_కమల

మీ ఇద్దరికే కాదు. తెలుగులో ఆలోచించేవాళ్ళందరికీ అలాగే ఉంటుంది, నాకు అలవాటవడానికి మూడు నాలుగేళ్ళు పట్టింది.

మనకి హూ, విచ్ లాంటి మాటలే లేవు. మనం ఆ ముక్కని పేరు ముందే కలిపేస్తాం, ఫెయిలైన సర్వర్లు, డల్లాస్‌లో ఉండే కొడుకు, రెండేళ్ళు నిండిన ఉద్యోగులు. ఈ "అయిన, ఉండే, నిండిన" పేరుకి అతుక్కుని ముందు నిలబడతాయి, మధ్యలో కామాకి సందే ఉండదు. ఇప్పుడు చూడండి. "పొద్దున్నుంచీ ఏమీ తినని మా అమ్మ నాకు అన్నం కలిపి పెట్టింది". ఏ అమ్మ అని ఎవరూ అడగరు, అమ్మ ఒక్కతే, అది అదనపు కబురు. "పొద్దున్నుంచీ ఏమీ తినని పిల్లలకి ముందు పెట్టండి". ఇక్కడ ఏరుతున్నాం, తిన్నవాళ్ళకి తర్వాత. రెండు చోట్లా "తినని" ఒకటే, రాయడం ఒకటే, పలకడం కూడా దాదాపు ఒకటే. తేడా మనకి లోకజ్ఞానం చెప్తుంది, వాక్యం చెప్పదు. అలవాటైన ఆ చెవితోనే ఇంగ్లిష్ కూడా చదువుతాం, కామా కంటికి కనపడుతుంది గానీ లోపలికి దిగదు.

ఆ లీడ్‌కి 42లో ఎన్ని ఫెయిలయ్యాయో తెలీదు. లోకజ్ఞానం లేదు, కామా ఒక్కటే ఉంది. దాన్నే నమ్మాడు.

చర్చి_కాయిర్_జాన్

ఇది చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. మేం పాడే ప్రార్థనలో పరలోకమందున్న మా తండ్రీ అంటాం కదా. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో అది ఇలా ఉంటుంది:

```
Our father which art in heaven
```

మనుషులకి హూ అన్నారు మాస్టారు, ఇక్కడ దేవుడికే విచ్ వేశారు. కామా కూడా లేదు. ఏరడమైతే కాదు కదా, తండ్రి ఒక్కడే.

సుబ్బరాజు_మాస్టారు

అది పాత ఇంగ్లిష్ జాన్ బాబూ, దాన్ని ఇప్పటి రూల్‌తో కొలవకూడదు.

కాపీడెస్క్_కమల

ఇక్కడ మాస్టారితో ఒప్పుకుంటాను. అప్పట్లో మనుషులకీ విచ్ వాడేవాళ్ళు, కామాల లెక్క కూడా వేరు. జాన్ గారూ, ఆ వాక్యాన్ని మన తెలుగు "పరలోకమందున్న" పక్కన పెట్టి చూడండి, కామా లేకపోవడంలో రెండూ ఒకలాగే ఉన్నాయి.

నైట్‌షిఫ్ట్_నాని

సరే అక్కా, మరి తెలుగు బుర్రతో దీన్ని పట్టుకోడానికి ఏదైనా చిట్కా ఉందా? ప్రతి మెయిల్‌కీ ఇంత ఆలోచిస్తే నా షిఫ్ట్ అయిపోద్ది

కాపీడెస్క్_కమల

నేను చేసేది చెప్తాను. తెలుగులో "ఏవైతే, అవి" అనే పద్ధతి ఒకటుంది కదా. ఏ సర్వర్లయితే ఫెయిలయ్యాయో ఆ సర్వర్లని రీబూట్ చెయ్యండి. ఇది ఏరడానికే పనికొస్తుంది, ఇంకో అర్థమే రాదు. "ఏ అమ్మయితే పొద్దున్నుంచీ తినలేదో ఆ అమ్మ" అని చూడండి, వెంటనే ఇద్దరు అమ్మలు కనపడతారు, నవ్వొస్తుంది. కాబట్టి రాసేముందు నీ వాక్యాన్ని ఇందులోకి తిప్పు. సాఫీగా కూర్చుంటే కామా వద్దు. నవ్వొస్తే కామా పెట్టు. ఇంకో పక్క నుంచి చూడాలంటే "అవి ఫెయిలయ్యాయి కదా, వాటిని రీబూట్ చేస్తాం" అని తిప్పు. అది బాగుంటే కామా.

డల్లాస్_డాడీ

మొదటిది బాగుంది, రెండోది నాకు నచ్చలేదండీ. "కదా" అంటే ఎదుటివాడికి ముందే తెలుసు అని. ఇంగ్లిష్‌లో కామాల మధ్య కొత్త కబురు కూడా చెప్తారు కదా. మా తమ్ముడు, నిన్ననే పెళ్ళి కుదిరింది వాడికి, రేపు వస్తున్నాడు. వినేవాడికి పెళ్ళి సంగతి తెలీదు, "కదా" పెడితే అబద్ధం అవుతుంది.

కాపీడెస్క్_కమల

నిజమే. "కదా" కంటే "అన్నట్టు" అనుకుంటే మేలేమో. "అన్నట్టు అవి ఫెయిలయ్యాయి". అదీ అన్ని చోట్లా అతకదు. దీనికి సరిగ్గా సరిపోయే తెలుగు మాట నాకింకా దొరకలేదు, ఎవరికైనా తడితే చెప్పండి.

గోదారి_గట్టు

మా ఊళ్ళో "మరేనండి" అంటాం, పెట్టి చూడండి. సర్వర్లు, మరేనండి ఫెయిలయ్యాయి, రీబూట్ అవుతాయి 😄

సరే నాదీ ఒక డౌటు. ఇంటి ఓనర్ల గ్రూపులో కింద వాక్యం పెట్టాను. పక్కింటాయన మీకు మొత్తం ఎంతమంది అద్దెవాళ్ళు అని అడిగాడు. నాకు అయిదుగురు. ముగ్గురు ఫోన్‌లో వేస్తారు, ఇద్దరు చేతికిస్తారు.

```
I have three tenants who pay by UPI.
```

కాపీడెస్క్_కమల

మీరు రాసింది కరెక్టే. ఫోన్‌లో వేసేవాళ్ళు ముగ్గురు అని చెప్తుంది, మిగతావాళ్ళు ఉన్నారా లేరా అన్నది తేల్చదు. టెనెంట్స్ తర్వాత కామా పెట్టి ఉంటే మొత్తం ముగ్గురే, ముగ్గురూ ఫోన్‌లోనే వేస్తారు అని అయ్యేది. మీ చేతికిచ్చే ఇద్దరూ మాయమైపోయేవాళ్ళు.

గోదారి_గట్టు

ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి రాసేటప్పుడు కామా పెట్టమంటారా అయితే 🤫

ఓరుగల్లు_లాయర్

నేను ఇది సదవలే.

ఎస్‌క్యూఎల్_శీను

ఇప్పుడర్థమైంది నాకు. కామా లేకపోతే వేర్ క్లాజ్ ఉన్నట్టు, కామా పెడితే వేర్ క్లాజ్ మర్చిపోయి అప్‌డేట్ కొట్టినట్టు.

```
UPDATE servers SET reboot = 1 WHERE patch = 'FAIL';
UPDATE servers SET reboot = 1; -- failed patch
```

నాని రెండోది కొట్టాడు. ఫెయిల్డ్ ప్యాచ్ అన్నది కామెంట్‌లోకి పోయింది.

నైట్‌షిఫ్ట్_నాని

శీనూ బ్రోఓఓ ఇంత సేపట్నుంచి ఎక్కడున్నావ్. ఇది ఒక్కటి చాలు నాకు

కాపీడెస్క్_కమల

శీను గారూ, దీన్ని నేను ఎత్తుకుపోతున్నాను. ఒక్క తేడా, కామెంట్‌ని మెషీన్ చదవదు, కామాల మధ్య ముక్కని మనిషి చదివి నమ్ముతాడు. "42 ఫెయిలయ్యాయట" అని ఆ లీడ్ పైకి రిపోర్ట్ కూడా పంపి ఉంటాడు.

నైట్‌షిఫ్ట్_నాని

పంపాడు 😐

సుబ్బరాజు_మాస్టారు

ఒక మాట. ఇవన్నీ కాగితం మీద గొడవలు. క్లాసులో నేను పైకి చదివించేవాణ్ణి. కామాలున్న వాక్యం చదివేటప్పుడు సర్వర్స్ దగ్గర ఆగాలి, గొంతు కాస్త దించి మధ్య ముక్క చదివి, మళ్ళీ ఆగి, గొంతు ఎత్తి విల్ బీ దగ్గర అందుకోవాలి. కామా లేకపోతే ఎక్కడా ఆగకుండా ఒకే ఊపిరిలో. నానీ, నీ మెయిల్ పంపేముందు ఒక్కసారి పైకి చదివి ఉంటే నీకే తెలిసేది, నువ్వు మనసులో అనుకుంది ఒకే ఊపిరిది.

కాపీడెస్క్_కమల

మాస్టారూ ఇది బంగారం. నేను చెప్పాల్సింది, మర్చిపోయాను.

బ్యాంక్‌కోచింగ్_భవ్య

ఒక్క కామానే పెట్టి వదిలేస్తే? నాని గారి మెయిల్లో ఎడిటర్ మొదటిదే పెట్టింది కదా, రెండోది ఆయన పెట్టుకున్నారు. పెట్టకపోయి ఉంటే ఆరా, నలభై రెండా?

కాపీడెస్క్_కమల

ఏదీ కాదు. అదనపు కబురుకి రెండు పక్కలా కామాలు ఉండాలి, ముక్క వాక్యం చివర వస్తే రెండో దాని బదులు ఫుల్‌స్టాప్ ఉంటుంది. ఒక్కటే ఉంటే చదివేవాడు రెండోది మర్చిపోయారా, మొదటిది పొరపాటున పడిందా అని ఊహించుకోవాలి. పరీక్షలో వస్తే ఎర్రర్ పెట్టెయ్, ఆ ఒక్కదానికి కళ్ళు మూసుకున్నా పరవాలేదు. నాని గారు రెండోది పెట్టకపోయి ఉంటే ఆ లీడ్ బహుశా అనుమానమొచ్చి ఫోన్ చేసేవాడేమో. పెట్టి వాక్యాన్ని పక్కాగా తప్పు చేశారు.

ఓరుగల్లు_లాయర్

నానీ, కామా దట్ అన్నీ పక్కన పెట్టు. 42ల 6 రీబూట్ చెయ్యాలంటే ఆరు పేర్లు రాయాలె గదా తమ్మీ. సర్వర్ పేర్లు మెయిల్ కింద ఎందుకు పెట్టలే? మేం అగ్రిమెంట్ల అట్లనే చేస్తం, కింద షెడ్యూల్ వేసి అందులున్నవే అని రాస్తం. నీ తప్పు కామా కాదు, లిస్ట్ లేకపోవుడు. ఇగ 42 ఒక్కసారి రీబూట్ చెయ్యమంటే వాళ్ళు ఒక్క మాట అడగక పోవుడు వాళ్ళ తప్పు.

డల్లాస్_డాడీ

లాయర్ గారితో నేను ఏకీభవించను. రాసింది స్పష్టంగా ఉన్నప్పుడు ప్రతిదీ అడుగుతూ కూర్చుంటే ఆపరేషన్స్ నడవదు. వాక్యం స్పష్టంగానే ఉంది, స్పష్టంగా తప్పుగా ఉంది.

ఓరుగల్లు_లాయర్

నెలాఖరు రాత్రి 42 మెషీన్లు. అడగాలె సార్.

నైట్‌షిఫ్ట్_నాని

మా మేనేజర్ కూడా లాయర్ అన్న చెప్పిందే అన్నాడు, ఇక నుంచి టేబుల్ తప్పనిసరి అంట. రేపు రాత్రికి మళ్ళీ ఉంది, ఈసారి 4 సర్వర్లు. టేబుల్‌లో 42 పేర్లూ, పక్కన పాస్ ఫెయిల్ కాలమ్ పెట్టా. పైన ఈ లైన్ రాశా, ఏవైతే అవి టెస్టు చేశా, కూర్చుంది, పైకి కూడా చదివా, ఒకే ఊపిరి. పంపెయ్యనా?

```
Please reboot the servers in the table that failed the patch check.
```

కాపీడెస్క్_కమల

కామాలు బాగున్నాయి. ఫెయిలైంది టేబులా, సర్వర్లా?

నైట్‌షిఫ్ట్_నాని

అమ్మో

గోదారి_గట్టు

టేబుల్ని కూడా రీబూట్ చేసెయ్యండి, ఒక పనైపోద్ది.

కాపీడెస్క్_కమల

ఈ అర్థం ఎవరూ తీసుకోరులే, టేబుల్ ప్యాచ్ చెక్‌కి వెళ్ళదు. అయినా దట్ ముందు దగ్గరగా ఉన్న పేరునే పట్టుకుంటుంది, అందుకని సర్వర్స్‌ని దాని పక్కకి జరుపు. ఇన్ ద టేబుల్ తీసేసి టేబుల్‌లో నాలుగు పేర్లే ఉంచు, 42 ఎందుకు?

నైట్‌షిఫ్ట్_నాని

42 పెట్టమన్నది మేనేజర్. రేపు కాల్‌లో అడుగుతా. ఇప్పటికి ఇలా మార్చా:

```
Reboot only the 4 servers that failed the patch check (see table).
```

సుబ్బరాజు_మాస్టారు

విచ్ లేదు, కామా లేదు. నా రూల్ ప్రకారం కూడా పాస్.